పటం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: స్కేలు, దిక్కులు, సూచికపై వర్క్‌షీట్

పోయిన పాఠం చివర ఇచ్చిన వర్క్‌షీట్‌లో రెండో ప్రశ్న ఒక్క లైనే. బడి నుంచి రైల్వే స్టేషన్‌కు నేరుగా ఎంత దూరం? పటం స్కేలు 1:50,000. రావాల్సిన జవాబు 3 కిలోమీటర్లు. వచ్చిన జవాబులు మాత్రం నాలుగు రకాలు. కొందరు 3 అన్నారు, కొందరు 2.8, ఇంకొందరు 2.1. మరికొందరు 30 అని రాశారు. ఈ పాఠాన్ని సూచికతో, అంటే పటంలో ఏ గుర్తు దేన్ని చూపిస్తుందో చెప్పే పట్టికతో మొదలుపెట్టాలనుకున్నాను. కానీ ఈ నాలుగు జవాబుల సంగతి తేలకుండా ముందుకు వెళ్తే, రాబోయే పాఠాల్లో కొలిచే ప్రతి దూరమూ తప్పుతుంది. అందుకే ముందు ఇది చూద్దాం.

ముందుగా 2.8, 2.1 రాసినవాళ్ల గురించి. వీళ్లకు లెక్క వచ్చు. స్కేలుబద్దతో కొలవడమూ వచ్చు. ఒకరు 5.6 సెంటీమీటర్లు కొలిచి అందులో సగం 2.8 అని రాశారు. ఇంకొకరు 4.2 కొలిచి అందులో సగం 2.1 అన్నారు. రెండు లెక్కలూ సరైనవే. తేడా వచ్చింది కాగితంలో. నేను తయారుచేసిన పటంలో బడికీ స్టేషన్‌కూ మధ్య 6 సెంటీమీటర్లు ఉన్నాయి. ప్రింట్ తీసేటప్పుడు అది చిన్నదైంది.

జిరాక్స్ షాపులో కంప్యూటర్ మామూలుగా Fit అనే ఆప్షన్‌లో ఉంటుంది. అంటే పేజీ అంచులు తెగిపోకుండా బొమ్మను కొంచెం కుదించి ప్రింట్ చేస్తుంది. 5.6 వచ్చినవాళ్ల పటం అలా కుదించినదే. 4.2 వచ్చినవాళ్లు కాగితం మిగులుతుందని ఒకే ఏ4 పేజీలో రెండు పేజీలు వేయించి ఉంటారు. అలా వేస్తే ప్రతి పొడవూ దాదాపు 70 శాతానికి తగ్గుతుంది. 6లో 70 శాతం 4.2. జవాబు చూస్తేనే ప్రింట్ ఎలా తీయించారో తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. పటం కింద రాసి ఉన్న 1:50,000 అనే అంకె, ఆ పటం ముద్రించిన అసలు సైజుకే వర్తిస్తుంది. పటాన్ని పెద్దది చేసినా చిన్నది చేసినా ఆ అంకె మారదు, అలాగే ఉండిపోతుంది. కానీ అది ఇక నిజం కాదు. దాని పక్కనే ఉండే గీత స్కేలు, అంటే 0, 1, 2, 3, 4 అని కిలోమీటర్లు గుర్తుపెట్టిన పొడవాటి గీత మాత్రం పటంతో పాటే పెరుగుతుంది, పటంతో పాటే తగ్గుతుంది. కాబట్టి జిరాక్స్ కాగితం మీదైనా, ఫోన్ తెర మీదైనా, పాఠ్యపుస్తకంలో కుదించి వేసిన పటం మీదైనా గీత స్కేలునే నమ్మాలి.

మీ కాపీ కుదించిందో కాదో ఎలా తెలుస్తుంది? 1:50,000 పటంలో 1 కిలోమీటరు అంటే 2 సెంటీమీటర్లు. అప్పుడు 4 కిలోమీటర్ల గీత స్కేలు 8 సెంటీమీటర్లు ఉండాలి. దాన్ని ఒకసారి స్కేలుబద్దతో కొలవండి. 8 వస్తే 1:50,000 అంకెను వాడుకోవచ్చు. 7.5 వస్తే పటం కుదించినట్టు. 11.3 వస్తే ఎవరో ఏ3 కాగితంపై పెద్దది చేసి ఇచ్చినట్టు. కొత్త పటం చేతికి రాగానే నేను ముందు చేసే పని ఇదే. దూరాల జోలికి ఆ తర్వాతే వెళ్తాను.

కుదించిన పటాన్ని పారేయక్కర్లేదు. కొత్త నిష్పత్తి లెక్కకట్టాల్సిన పని కూడా లేదు. స్కేలుబద్ద పక్కన పెట్టి, నోటుపుస్తకం అంచు నుంచి ఒక వేలు వెడల్పున కాగితం ముక్క చింపుకోండి. దాని నిటారు అంచు బడి మీదా స్టేషన్ మీదా పడేలా పెట్టండి. రెండు చోట్లా అంచు మీద సన్నగా పెన్సిల్ గీట్లు పెట్టండి. ఆ ముక్కను తీసుకెళ్లి గీత స్కేలు పక్కన ఆనించండి. మొదటి గీటు 0 దగ్గర ఉంటే రెండోది 3 దగ్గర ఉంటుంది. 6 సెంటీమీటర్ల పటంలోనూ అది 3 దగ్గరే ఉంటుంది, 5.6 పటంలోనూ, 4.2 పటంలోనూ అంతే. గుణకారం లేదు, భాగహారం లేదు, సున్నాల గొడవ లేదు. పరీక్షలో స్కేలుబద్దే వాడాలని లేకపోతే నేను ఎప్పుడూ కాగితం ముక్కే వాడతాను.

దారి వంకర్లు తిరిగినా ఇదే ముక్క పనికొస్తుంది. మొదటి మలుపు దాకా అంచు ఆనించి గీటు పెట్టండి. ఆ గీటు మీద పెన్సిల్ మొన నొక్కి పట్టుకుని, కాగితాన్ని తర్వాతి దారి వైపు తిప్పండి. మళ్లీ మలుపు దాకా వెళ్లి గీటు పెట్టండి. చివరకు మొదటి గీటు నుంచి ఆఖరి గీటు వరకు ఉన్న పొడవే దారి పొడవు. దారం పరిచి కొలవమని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. దారం సాగుతుంది, జారుతుంది కూడా. నాకు కాగితమే ఇష్టం.

ఇక్కడ ఒక జాగ్రత్త. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల టోపోషీట్ల వంటి పటాల్లో గీత స్కేలు ఎడమ చివర నుంచి 0తో మొదలవదు. 0కు ఎడమ పక్కన ఇంకో ముక్క ఉంటుంది. దానిలో ఒక భాగాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. కిలోమీటరు కంటే తక్కువ దూరాలు చదవడానికి ఆ గళ్లు. గీత మొదట్లోనే కాగితం ఆనించి కొలిస్తే జవాబులో ఒక భాగం తేడా వచ్చేస్తుంది. ముందు 0 ఎక్కడుందో చూసుకోండి, తర్వాతే కాగితం పెట్టండి. దూరం పూర్తి కిలోమీటర్లు కాకపోతే కుడి గీటును దానికి దగ్గర్లో ఉన్న చిన్న పూర్ణ అంకె మీద పెట్టండి. అప్పుడు ఎడమ గీటు 0 దాటి ఆ చిన్న గళ్లలో పడుతుంది. ఆ గళ్లను లెక్కపెట్టి పూర్తి కిలోమీటర్లకు కలపండి.

ఇక 30 రాసినవాళ్లు. వీళ్ల కాగితం సరైనదే, కొలత కూడా 6 సెంటీమీటర్లే. సున్నాల దగ్గర పొరపాటు జరిగింది. 1:50,000 అంటే పటంలో 1 సెంటీమీటరు నేల మీద 50,000 సెంటీమీటర్లు. 100 సెంటీమీటర్లు ఒక మీటరు, 1,000 మీటర్లు ఒక కిలోమీటరు. అంటే కిలోమీటరులో 1,00,000 సెంటీమీటర్లు, ఐదు సున్నాలు. 50,000లో ఉన్నవి నాలుగు సున్నాలే కాబట్టి, ఉన్న నాలుగూ కొట్టేసి 5 కిలోమీటర్లు అని రాసేశారు. కొట్టేయాల్సింది ఐదు స్థానాలు. 50,000లో కుడి నుంచి ఐదు అంకెలు వేలితో మూయండి. ఎడమ పక్క ఏమీ మిగలదు. అంటే 0, ఆ తర్వాత చుక్క, ఆ తర్వాత 5. అంటే 0.5 కిలోమీటరు. 1:2,50,000లో ఐదు అంకెలు మూస్తే 2 మిగులుతుంది, చుక్క తర్వాత 5. అంటే 2.5 కిలోమీటర్లు. 1:10,00,000 అయితే 10 కిలోమీటర్లు. మన పద్ధతిలో కామాలు పెట్టి రాస్తే లక్ష కామా దగ్గరే చుక్క పడుతుంది. ఇది గుర్తుంటే వేలు కూడా అక్కర్లేదు.

ఈసారి ఎవరూ ప్రింట్ తీయొద్దు. పటం మీరే గీయండి. గళ్ల నోటుపుస్తకం తీసుకోండి. ముందు ఒక గడి సరిగ్గా 1 సెంటీమీటరు ఉందో లేదో కొలిచి చూడండి. లెక్కల నోటుపుస్తకాల్లో కొన్నింటికి గడి అంతకంటే చిన్నదిగా ఉంటుంది. అలా ఉంటే తెల్లకాగితం మీద స్కేలుబద్దతో గళ్లు గీసుకోండి. అడ్డంగా 12, నిలువుగా 10 గళ్లు చాలు. ఎడమ పక్క కింది మూల నుంచి లెక్కపెట్టాలి.

బడి కుడికి 2, పైకి 2 దగ్గర. స్టేషన్ కుడికి 8, పైకి 2 దగ్గర. గుడి కుడికి 5, పైకి 6 దగ్గర. రైలు పట్టాలు కుడికి 8 దగ్గర కింది నుంచి పై దాకా నిటారుగా వెళ్తాయి. చెరువుకు ఐదు మూలలు. కుడికి 9, పైకి 6 దగ్గర మొదలుపెట్టి 11, 6 దాకా, అక్కణ్నుంచి 11, 8 దాకా, ఆ పైన 10, 9 దాకా, తర్వాత 9, 8 దాకా గీసి మళ్లీ మొదటి మూలకు కలపండి. చెరువు అలుగు 9, 6 మూల దగ్గర ఉంది. అలుగు పారితే వచ్చే నీళ్లు వాగుగా మారి 6, 4 దాకా ఏటవాలుగా వచ్చి, అక్కడ తిరిగి నేరుగా కిందికి 6, 0 దాకా పోతాయి. బడి నుంచి స్టేషన్‌కు తిన్నని తారు రోడ్డు. బడి నుంచి గుడికి బండ్ల బాట ఉంది. అది ముందు నిటారుగా 2, 6 దాకా పోయి, అక్కడ మలుపు తిరిగి గుడికి చేరుతుంది. పైన కుడి మూలలో ఉత్తరం బాణం పైకి గీయండి. కింద 8 సెంటీమీటర్ల గీత స్కేలు గీసి రెండేసి సెంటీమీటర్లకు 0, 1, 2, 3, 4 రాయండి.

దిక్కుల పేర్లు మీకు వచ్చు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం కూడా ఇంట్లో వింటూనే ఉంటారు. అవి ఇక్కడ చెప్పను. కానీ దిక్కుల ప్రశ్నల్లో ఒక తప్పు ప్రతిసారీ వస్తోంది. ఎంత చెప్పినా మళ్లీ వస్తోంది కాబట్టి దాని మీద ఇవాళ కొంచెం ఎక్కువసేపే ఉంటాను.

ప్రశ్న: స్టేషన్ బడికి ఏ దిక్కున ఉంది? సరైన జవాబు తూర్పు. రెండూ పైకి 2 దగ్గరే ఉన్నాయి కదా. చాలామంది ఆగ్నేయం అని రాశారు. ఎందుకు? వాళ్లు కాగితం మొత్తాన్ని చూశారు. స్టేషన్ కాగితం మధ్య నుంచి చూస్తే కుడి పక్కన, కిందికి ఉంది. కుడి, కింద కాబట్టి ఆగ్నేయం అనుకున్నారు. కానీ ప్రశ్న కాగితం మధ్య నుంచి అడగలేదు, బడి నుంచి అడిగింది.

ఇది పోవాలంటే ఒక్కటే దారి. ప్రశ్నలో ఏ పేరు చివర ‘కి’ లేదా ‘కు’ ఉందో, లేదా ‘నుంచి’ ఉందో వెతకండి. మీరు నిలబడాల్సింది అక్కడే. ఆ చోట పెన్సిల్‌తో చిన్న కూడిక గుర్తు వేయండి. దాని పై కొన దగ్గర ‘ఉ’ అని రాయండి. రెండో చోటు ఆ కూడిక గుర్తుకు ఏ వైపు పడిందో చూడండి. మూలన ఉన్న ఉత్తరం బాణాన్ని అక్కడే వదిలేసి దూరం నుంచి అంచనా వేస్తే తప్పు వస్తుంది. బాణాన్ని మోసుకెళ్లి మీరు నిలబడిన చోట పెట్టుకోవాలి. ఆ కూడిక గుర్తు చేసేది అదే పని.

గుంటూరు విజయవాడకు ఏ దిక్కున ఉంది? ‘కు’ ఉన్నది విజయవాడకు. అక్కడ నిలబడండి. గుంటూరు సుమారు 22 కిలోమీటర్లు పడమరకూ అంతే దక్షిణానికీ ఉంది. కాబట్టి నైరుతి. విజయవాడ గుంటూరుకు ఏ దిక్కున ఉంది? ఇప్పుడు గుంటూరులో నిలబడాలి. జవాబు ఈశాన్యం. ఊర్లు అవే, పటం అదే, జవాబు మాత్రం సరిగ్గా ఎదురు దిక్కు. ప్రశ్నను సగం చదివి ముందు కనిపించిన పేరు దగ్గర నిలబడితే మార్కు పోయేది ఇక్కడే. తిప్పి అడిగిన ప్రశ్నకు జవాబు సరిచూసుకోవడానికి కూడా ఇది వాడుకోండి. అటు నుంచి ఈశాన్యం వస్తే ఇటు నుంచి నైరుతే రావాలి. రాకపోతే రెండింటిలో ఒకటి తప్పు.

సరిగ్గా మూలన పడని చోట్లు ఉంటాయి. తూర్పు అనాలా, ఈశాన్యం అనాలా అని టెన్షన్ పడతారు. ఎనిమిది దిక్కుల్లోనే చెప్పాలంటే నేను వాడే కొలత ఇది. అడ్డం దూరం, నిలువు దూరం విడివిడిగా చూడండి. పెద్దది చిన్నదానికి సుమారు రెండున్నర రెట్లు దాటితే పెద్దదాని దిక్కే జవాబు. దాటకపోతే మూల. కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు 170 కిలోమీటర్లు ఉత్తరానికి, 50 తూర్పుకు ఉంది. మూడు రెట్లు దాటింది, కాబట్టి హైదరాబాద్ కర్నూలుకు ఉత్తరం. హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 117 తూర్పుకు, 65 ఉత్తరానికి. రెండు రెట్లు కూడా కాలేదు, కాబట్టి ఈశాన్యం. మన పటంలో గుడి నుంచి చెరువు మధ్యకు అడ్డంగా 5 సెంటీమీటర్లు, పైకి ఒకటింపావు. నాలుగు రెట్లు. చెరువు గుడికి తూర్పున ఉంది. కొంచెం పైకి ఉంది కదా అని ఈశాన్యం రాయొద్దు.

కుడి అంటే తూర్పు, ఎడమ అంటే పడమర అని రాసేవాళ్లు ఇంకో గుంపు. పటంలో ఉత్తరం పైకి ఉన్నంతవరకే అది చెల్లుతుంది. నదుల విషయంలో అయితే అసలు చెల్లదు. నది ఎడమ గట్టు, కుడి గట్టు అనేవి నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి నిలబడిన మనిషి ఎడమ, కుడి చేతులు. రాజమండ్రి దగ్గర గోదావరి దక్షిణానికి పారుతుంది. అటు తిరిగి నిలబడితే ఎడమ చెయ్యి తూర్పు వైపు ఉంటుంది. రాజమండ్రి ఎడమ గట్టున, ఎదురుగా కొవ్వూరు కుడి గట్టున. పటంలో చూస్తే రాజమండ్రి కుడి పక్కన కనిపిస్తుంది. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ తూర్పు వైపు పోతుంది. అందుకే నల్లగొండ, ఖమ్మం వైపు వెళ్లే ఎడమ కాలువ పటంలో నదికి పైన, గుంటూరు, ప్రకాశం వైపు వెళ్లే కుడి కాలువ కింద ఉంటాయి. కాశీలో గంగ ఉత్తరానికి పారుతుంది. అక్కడ ఘాట్లన్నీ పడమటి ఒడ్డున ఉన్నాయి. అది ఎడమ గట్టే. నది పటంలో పైనుంచి కిందికే పారుతుందని అనుకునేవాళ్లు కాశీ పటం ఒకసారి చూడాలి. పటంలో పైకి ఉన్నది ఉత్తరం, ఎత్తు కాదు.

ఉత్తరం బాణం వాలుగా, పక్కకు ఉన్న పటం ఇస్తే తలతో లెక్కలు వేయొద్దు. కాగితాన్ని తిప్పండి. బాణం మీ నుంచి దూరంగా, ఎదురుగా పోయేదాకా తిప్పి అప్పుడు చదవండి. అక్షరాలు తలకిందులైనా నష్టం లేదు, మీరు చూసేది దిక్కు మాత్రమే.

సూచికకు ఈసారి చోటు తక్కువే మిగిలింది. అయినా ప్రింట్ గొడవకు సంబంధించింది ఒకటి చెప్పాలి. టోపోషీట్‌లో రంగే సగం సూచిక. నీళ్లు నీలం, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలు గోధుమ, అడవి ఆకుపచ్చ, సాగు భూమి పసుపు, రోడ్లు ఎరుపు, రైలు పట్టాలు నలుపు. ఎండిపోయిన వాగు కూడా నలుపే. ఇలాంటి పటాన్ని నలుపు తెలుపు జిరాక్స్ తీస్తే వాగులూ కాంటూరు రేఖలూ ఒకే బూడిద రంగు గీతలుగా మారతాయి. అప్పుడు ఏది ఏదో ఆకారాన్ని బట్టి పట్టుకోవాలి. వాగులు ఒకదానిలో ఒకటి కలుస్తాయి, కలిసే చోట గీత పంగలా కనిపిస్తుంది. కాంటూరు రేఖలు అలా కలవవు. ఒకదాని పక్కన ఒకటి నడుస్తూ గుట్టల చుట్టూ తిరిగి వస్తాయి, మధ్య మధ్యలో వాటి మీద ఎత్తు అంకెలు ఉంటాయి. 1:50,000 టోపోషీట్‌లో పక్కపక్క రేఖల మధ్య ఎత్తు తేడా మామూలుగా 20 మీటర్లు.

ఇంకొకటి, చిహ్నాన్ని ఎప్పుడూ కొలవొద్దు. 1:50,000 పటంలో 1 మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. మీరు తారు రోడ్డును మిల్లీమీటరు మందంతో గీశారనుకోండి, స్కేలు ప్రకారం ఆ రోడ్డు 50 మీటర్ల వెడల్పు అవుతుంది. ఊరి రోడ్డు అంత ఉండదు. నిజమైన కొలతతో గీస్తే గీత కంటికి కనిపించదు కాబట్టి లావుగా గీస్తారు. గుడి చిహ్నమూ అంతే. అది గుడి ఎక్కడుందో చెబుతుంది, ఎంత పెద్దదో చెప్పదు. అందుకే దూరం కొలిచేటప్పుడు చిహ్నం అంచు నుంచి కాకుండా మధ్య నుంచి కొలవాలి. చెరువు సంగతి వేరు. చెరువు స్కేలు ప్రకారం గీసిందే, దాన్ని కొలవొచ్చు.

ఇక వర్క్‌షీట్. మీరు గీసిన పటం దగ్గర పెట్టుకోండి. ప్రతి దూరానికీ ముందు కాగితం ముక్కతో, తర్వాత స్కేలుబద్దతో జవాబు కనుక్కోండి. రెండూ కలవకపోతే మీరు గీసిన గీత స్కేలు తప్పు.

1. బడి నుంచి గుడికి నేరుగా ఎంత దూరం? బండ్ల బాట వెంట వెళ్తే ఎంత? బాట వల్ల ఎంత ఎక్కువ నడవాలి? మొదటిది చేసి చూపిస్తాను. కాగితం ముక్క మీద గీట్లు 5 సెంటీమీటర్ల దూరంలో పడతాయి. గీత స్కేలు మీద అది 2, 3 అంకెల సరిగ్గా మధ్యలో ఆగుతుంది. కాబట్టి 2.5 కిలోమీటర్లు. గళ్లు లెక్కపెట్టినా ఇదే రావాలి. అడ్డంగా 3, నిలువుగా 4 గళ్లు ఉంటే ఏటవాలు గీత 5. రెండోది మలుపు దగ్గర పెన్సిల్ మొన నొక్కి మీరే కొలవండి.

2. స్టేషన్ గుడికి ఏ దిక్కున ఉంది? గుడి స్టేషన్‌కు ఏ దిక్కున ఉంది? రెండు చోట్లా కూడిక గుర్తు వేసి చూపించాలి. గుర్తు లేని జవాబుకు మార్కు లేదు.

3. తారు రోడ్డు వాగును దాటే చోట కల్వర్టు గుర్తు వేయండి. అది బడి నుంచి ఎన్ని కిలోమీటర్లు?

4. వాగు రోడ్డును దాటే చోట బడి ఏ గట్టున ఉంది, స్టేషన్ ఏ గట్టున ఉంది? ఎడమ, కుడి అని చెప్పాలి. తూర్పు, పడమర అని కాదు. నీళ్లు ఎటు పోతున్నాయో ముందు బాణం వేసుకోండి.

5. ఉత్తరం బాణం చెరిపేసి, దాన్ని కాగితం కుడి అంచు వైపు చూసేలా మళ్లీ గీయండి. ఇప్పుడు స్టేషన్ బడికి ఏ దిక్కున ఉంది? రైలు పట్టాలు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్తున్నాయి? ఇది చేశాక బాణాన్ని మళ్లీ పైకి పెట్టేయండి, కింది ప్రశ్నలకు కావాలి.

6. పటానికి సూచిక మీరే తయారుచేయండి. తారు రోడ్డు, బండ్ల బాట, రైలు పట్టాలు, చెరువు, ఎండిన వాగు, బడి, గుడి, స్టేషన్. ఒక్క షరతు. నలుపు పెన్నుతో మాత్రమే గీయాలి, జిరాక్స్ తీసినా ఎనిమిదీ వేరువేరుగా తెలియాలి. పక్కింటి పిల్లలకు సూచిక మాత్రమే చూపించి, పటంలో ఏది ఏదో చెప్పమనండి. ఎక్కడ తడబడితే ఆ చిహ్నం మార్చండి.

7. మీ పటాన్ని షాపులో 50 శాతానికి కుదించి జిరాక్స్ తీశారనుకోండి. ఆ కాపీలో బడికీ స్టేషన్‌కూ మధ్య ఎన్ని సెంటీమీటర్లు ఉంటాయి? ఆ కాపీ నిజమైన స్కేలు 1:25,000 అవుతుందా, 1:1,00,000 అవుతుందా? కారణం ఒక వాక్యంలో రాయండి.

8. ఇది కష్టమైంది, సమయం తీసుకుని చేయండి. చెరువు వైశాల్యం ఎంత? పటంలో చెరువు ఎన్ని గళ్లు ఆక్రమించిందో ముందు లెక్కపెట్టండి. పైన వాలుగా ఉన్న చోట సగం గళ్లు వస్తాయి, రెండు సగాలు కలిపి ఒకటి. ఇప్పుడు ఒక గడి నేల మీద ఎంత? 1 సెంటీమీటరు అర కిలోమీటరు కదా అని గడి కూడా అర చదరపు కిలోమీటరు అని రాయకండి. గడికి పొడవూ అర కిలోమీటరే, వెడల్పూ అర కిలోమీటరే. ఒక చదరపు కిలోమీటరు గీసి అందులో ఇలాంటి గళ్లు ఎన్ని పడతాయో బొమ్మ వేసి చూడండి. జవాబును చదరపు కిలోమీటర్లలో రాసి, ఆ తర్వాత హెక్టార్లలోకి, అక్కణ్నుంచి ఎకరాల్లోకి మార్చండి. చదరపు కిలోమీటరు అంటే 100 హెక్టార్లు, హెక్టారు అంటే దాదాపు 2.47 ఎకరాలు. మీ జవాబు 300 ఎకరాల దరిదాపుల్లో ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. 600 దాటితే గడి వైశాల్యం దగ్గరికి వెనక్కి వెళ్లండి.

ఏడు, ఎనిమిది ప్రశ్నలకు లెక్క మొత్తం రాసి పంపండి, జవాబు ఒక్కటే పంపితే ఎక్కడ తప్పిందో నాకు తెలియదు. వచ్చే పాఠంలో ఈ జవాబులు, ఆ తర్వాత ఇదే పటం మీద కాంటూరు రేఖలు గీసి, ఆ చెరువు నిజంగా అక్కడ నిలుస్తుందో లేదో చూద్దాం.